పుట్టినరోజు మర్నాడు రాసే నాలుగు వాక్యాలు

పాప మొదటి పుట్టినరోజు అయిపోయింది. హాలు ఖాళీ చేశారు, మిగిలిన స్వీట్లు పక్కిళ్లకు పంచారు, ఊరి నుంచి వచ్చిన చుట్టాలను బస్సెక్కించారు. ఫొటోగ్రాఫర్ ముందుగా ఓ పదిహేను ఫొటోలు పంపాడు. వాటిలో మంచివి ఏరి ఇన్‌స్టాగ్రామ్‌లోనో వాట్సాప్ స్టేటస్‌లోనో పెట్టాలి. కింద నాలుగు మాటలు రాయాలి. వేడుకంతా తడబడకుండా నడిపిన తల్లి ఇక్కడికి వచ్చేసరికి ఆగిపోతుంది. వచ్చినవాళ్లందరికీ కృతజ్ఞత చెప్పాలని ఉంటుంది. పేర్లు రాద్దామంటే ఎవరో ఒకరు తప్పిపోతారు. పేర్లు లేకుండా రాస్తే ముక్తసరిగా ఉంటుందేమోనన్న అనుమానం.

ఈ ఇబ్బంది మనకు కొత్తదే. మన ఇళ్లలో వేడుకకు వచ్చినవారికి కృతజ్ఞత చెప్పే పని గుమ్మం దగ్గరే పూర్తయ్యేది. వెళ్లేవారికి బొట్టు పెట్టి, తాంబూలం చేతిలో పెట్టి, ‘పిల్లలతో మళ్లీ రండి’ అని ఒక్కొక్కరితో విడివిడిగా చెప్పి పంపేవారు. ఇప్పుడు రిటర్న్ గిఫ్ట్ సంచి ఆ పని చేస్తోంది. పేర్లకు కూడా ఒక చోటు ఉండేది. అది చదివింపుల పుస్తకం. ఎవరు ఏమిచ్చారో అందులో ఇంటిపేరుతో సహా రాసుకుని, వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు తిరగేసి చూసుకునేవారు. చాలా ఊళ్లలో ఇప్పటికీ ఆ పుస్తకం లేకుండా పెళ్లి జరగదు. అంటే ఒక్కొక్కరికీ చెప్పాల్సిన మాట గుమ్మంలో, గుర్తుంచుకోవాల్సిన పేరు పుస్తకంలో. వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ కలిపి, అందరూ చూసేలా ఒకే మాట చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఇన్‌స్టాగ్రామ్ 2010లో మొదలైంది. ఫొటోలు పెడితే ఇరవై నాలుగు గంటల్లో మాయమయ్యే వాట్సాప్ స్టేటస్ 2017లో వచ్చింది. ఈ రెండూ మన ఇళ్లలోకి చేరాక, గుమ్మం దగ్గర మాటా పుస్తకంలో పేర్లూ కలిసి ఫొటో కింద రాతగా మారాయి. క్యాప్షన్ రాయడం కష్టమనిపించేది అందుకే. రెండు వేర్వేరు పనులను ఒకే చోట చేయాలని చూస్తున్నాం.

చోటు చాలకపోవడం మాత్రం కారణం కాదు. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో 2,200 అక్షరాల దాకా రాయవచ్చు. నూట నలభై మంది పేర్లు వరసగా రాసినా సర్దుకోవచ్చు. కానీ వేలు ఆపకుండా ఫొటోలు తోసుకుంటూ పోయేవారికి మొదట కనిపించేది ఒకటి రెండు లైన్లే. మిగతాది చదవాలంటే మళ్లీ నొక్కాలి. పేర్ల జాబితా రాస్తే ఆ పైలైన్లలో పడే మూడు నాలుగు పేర్లే అందరికీ కనిపిస్తాయి. ‘మన పేరు ఎక్కడో అడుగున పడేశారు’ అన్న మాట అక్కడి నుంచే పుడుతుంది. జాబితా మొత్తం రాసినా న్యాయం జరగదన్నమాట.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా చూద్దాం. హనుమకొండలో ఓ ఇల్లు అనుకుందాం. జూలైలో ఓ ఆదివారం సాయంత్రం పాప మొదటి పుట్టినరోజు, చిన్న హాల్లో, నూట నలభై మంది. తండ్రి వైపువాళ్లు ఊళ్లోనే ఉంటారు. తల్లి వైపువాళ్లు ఖమ్మం నుంచి వచ్చారు. ఆఫీసు స్నేహితులు హైదరాబాద్ నుంచి రెండు కార్లలో దిగారు. ఆరింటికి వాన మొదలైంది. ఏడున్నరకు కరెంటు పోయింది, జనరేటర్ అందుకునేలోపు పది నిమిషాలు హాలంతా చీకటి. ఆ చీకట్లోనే పాప నిద్రపోయింది. కేక్ కోయడం ముప్పావుగంట ఆలస్యమైంది. ఆ ఆలస్యంలో ఖమ్మం వాళ్లు కొందరు చివరి బస్సు కోసం కేక్ కోయకముందే బయల్దేరారు.

మర్నాడు తల్లి రాసిన మొదటి చిత్తు ఇలా ఉంటుంది: ‘మా పాప పుట్టినరోజుకు వచ్చి ఆశీర్వదించిన పెద్దమామయ్య, అత్తయ్య, చిన్నాన్న, పిన్ని, ఖమ్మం అమ్మమ్మ, బాబాయ్ వాళ్లు, మా టీమ్ మొత్తానికి, డెకరేషన్ చూసుకున్న తమ్ముడికి ధన్యవాదాలు.’

దీన్ని ఇంట్లోవాళ్ల కళ్లతో చదివితే తప్పులు వెంటనే పట్టుబడతాయి. అమ్మమ్మ ఉంది, నానమ్మ లేదు. ఆ నానమ్మ ముందురోజు రాత్రి నుంచి అదే ఇంట్లో పనిలో ఉంది. ఇంట్లో మనిషికి వేరే చెప్పేదేముందని కోడలు అనుకుని ఉండవచ్చు. కానీ క్యాప్షన్ చదివే వదినగారికి ఆ సంగతి తెలియదు, ఆమెకు కనిపించేది అమ్మమ్మ ఒక్కతే. ఒకవైపు బంధువు పేరు రాస్తే రెండోవైపు జంట పేరు రాయక తప్పదు. మేనత్తను తలిస్తే మేనమామనూ తలవాలి. పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకునే హక్కు చాలా కుటుంబాల్లో మేనమామది. ఆయనను వదిలేసి డెకరేషన్ చేసిన తమ్ముణ్ని మాత్రమే తలిస్తే, ఆ ఇద్దరూ ఒకే తల్లి పిల్లలైనా సరే, పెద్దవాడి మనసు కలుక్కుమంటుంది. పేర్లు ఎన్ని చేరిస్తే అన్ని కొత్త ఖాళీలు బయటపడతాయి. నూట నలభై దాకా వెళ్లినా ఈ లెక్క తెగదు.

అందుకని ఆమె అదంతా చెరిపేసి రెండో చిత్తు రాస్తుంది: ‘మా చిట్టితల్లి పుట్టినరోజును ఇంత ప్రత్యేకంగా మార్చిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా హృదయపూర్వక ధన్యవాదాలు. మీ ప్రేమాభిమానాలు ఎప్పటికీ ఇలాగే ఉండాలని కోరుకుంటున్నాం.’

ఇందులో ఎవరూ నొచ్చుకునేది లేదు. ఎవరూ గుర్తుపెట్టుకునేదీ లేదు. ఈ రెండు వాక్యాలను ఏలూరులో ఇంకొకరి ఇంట్లో బాబు పుట్టినరోజు ఫొటో కింద పెట్టినా అతుకుతాయి. షష్టిపూర్తి ఫొటో కింద ఒక్క మాట మార్చి పెట్టినా అతుకుతాయి. రాసింది బాగుందో లేదో తేల్చుకోవడానికి ఇదే మంచి పరీక్ష. మన వాక్యాన్ని మరో ఇంటి ఫొటో కింద ఊహించుకోవాలి. అక్కడా సరిపోతే అందులో మన అతిథులు లేరన్నమాట. వానలో రెండు బస్సులు మారి వచ్చిన మనిషి ఈ వాక్యం చదివి, తను వచ్చిన సంగతి వీళ్లకు తెలుసునని ఎలా అనుకుంటుంది?

మొదటి చిత్తులో మనుషులున్నారు గానీ ఆ సాయంత్రం లేదు. రెండో దానిలో మనుషులూ లేరు, సాయంత్రమూ లేదు. పేర్లు తీసేసి, వాటి స్థానంలో ఆ సాయంత్రం వాళ్లు చేసిన పనులను పెట్టాలి. ఈ పద్ధతిలో అసలు నేర్పంతా ఏ పనులను ఎంచుకోవాలన్నదే. ఒక్క మనిషే చేసిన పనిని రాస్తే అది పేరు రాసినట్టే. ‘వంద బెలూన్లు ఊది కట్టిన చేతులకు’ అంటే అది ఎవరో అందరికీ తెలుసు. అందరూ చేసే పనిని రాస్తే, అంటే వచ్చారు, భోంచేశారు, దీవించారు అని సరిపెడితే, మళ్లీ రెండో చిత్తు దగ్గరికే చేరతాం. ఈ రెండింటి మధ్య, పది మందో ఇరవై మందో ‘ఇది మా గురించే’ అనుకోగల పనులు ఉంటాయి. వానలో తడుస్తూ రావడం అలాంటిది. కరెంటు పోయినప్పుడు ఫోన్ లైట్లు పట్టుకోవడం అలాంటిది. నిద్రపోయిన పాపను భుజం మార్చుకుంటూ ఎత్తుకోవడం, ఆకలేసిన పిల్లలకు ముందుగా వడ్డించడం, పెద్దవాళ్లకు కుర్చీలు తెచ్చి వేయడం కూడా. ఇలాంటివి మూడో నాలుగో చాలు. వాటిలో ఒకటి పెద్దవాళ్లకు, ఒకటి స్నేహితులకు, ఒకటి పిల్లలకు, ఒకటి దూరం నుంచి వచ్చినవాళ్లకు తగిలేలా చూసుకుంటే హాల్లో ఉన్న దాదాపు ప్రతివారికీ ఒక వాక్యంలో చోటు దొరుకుతుంది.

దీనికి కావలసిన సరుకు ఆ రాత్రే దొరుకుతుంది. వారం తర్వాత రాస్తే ‘బాగా జరిగింది’ అన్నది తప్ప గుర్తుండేది తక్కువ. ఇంటికొచ్చి పడుకునే ముందు, చూసినవి రెండు మూడు ఫోన్లో రాసిపెట్టుకుంటే చాలు. తనకు కనిపించనివి ఉంటాయి కాబట్టి భర్తనూ చెల్లెలినీ కూడా అడగాలి. వేదిక మీద పాపతో నిలబడిన తల్లికి వడ్డన దగ్గర ఎవరు నిలబడ్డారో తెలియదు.

ఆమె మూడో చిత్తు ఇలా మొదలైంది: ‘కేక్ కోసే వేళకు మా పాప నిద్రపోయింది. అయినా మీరెవరూ కదల్లేదు.’ మొదటి వాక్యం చాలా బాగుంది. మరో ఇంటి ఫొటో కింద పెట్టడానికి వీల్లేదు, పైగా ఒక్క లైన్లోనే అయిపోతుంది కాబట్టి నొక్కకుండానే అందరికీ కనిపిస్తుంది. చిక్కు రెండో వాక్యంలో ఉంది. కొందరు కదిలారు. ఖమ్మం బస్సు కోసం వెళ్లినవాళ్లకు ఆ మాట గుచ్చుకుంటుంది. అంత దూరం వచ్చింది వాళ్లే, ఉండలేకపోయిందీ వాళ్లే. ‘ఎవరూ’, ‘అందరూ’, ‘ఒక్కరు కూడా’ అనే మాటలు రాసేటప్పుడు ఉత్సాహంగా ఉంటాయి గానీ, ఆ లెక్కలోకి రానివారిని నిలబెట్టి చూపిస్తాయి. ‘మనవాళ్లంతా ఒక్కచోట చేరిన రోజు’ అన్నది ఇంకా ప్రమాదం. చిన్న హాలు కాబట్టి పిలవలేకపోయిన ఇళ్లు ఎన్నో ఉంటాయి. వాళ్లూ అదే స్టేటస్ చూస్తారు. మనవాళ్లంతా అక్కడే ఉంటే మేమెవరం అన్న ప్రశ్న వాళ్లకు రాకుండా ఉండదు. అక్కడున్నవారికి కృతజ్ఞత చెప్పాలి తప్ప, లేనివారికి హాజరు వేయకూడదు.

దిద్దిన తర్వాత మిగిలింది ఇది:

‘కేక్ కోసే వేళకు మా పాప నిద్రపోయింది. లేచేదాకా భుజాలు మార్చుకుంటూ ఎత్తుకున్నారు. వానలో తడుస్తూ వచ్చారు, కరెంటు పోతే ఫోన్ లైట్ల వెలుగులో పాటలు పాడారు. పెద్దలు వేసిన అక్షింతలను పిల్లలు ఏరుకుని మళ్లీ మా మీదే చల్లారు. కొద్దిసేపు ఉన్నా, చివరిదాకా ఉన్నా, రాలేక ఫోన్లో దీవించినా, మా పాప మొదటి ఏడు మీ చేతుల మీదుగా నిండింది. మీ అందరికీ మా ఇంటిల్లిపాది నమస్కారాలు.’

ఒక్క పేరు లేదు. వరసలు కూడా లేవు. అమ్మమ్మా నానమ్మా ఇద్దరూ అక్షింతల దగ్గర ఉన్నారు. హైదరాబాద్ స్నేహితులు పాటల్లో ఉన్నారు. బస్సుకు వెళ్లిన ఖమ్మం వాళ్లకు వానలో ఒక చోటు, ‘కొద్దిసేపు ఉన్నా’ దగ్గర మరో చోటు దొరికాయి. ప్రత్యేకం, అద్భుతం, మరపురాని లాంటి మాట ఒక్కటీ వాడలేదు. జరిగింది చెప్పగానే ఆ సాయంత్రం ఎలాంటిదో చదివినవాళ్లకే తెలుస్తుంది. కానుకల ఊసు ఎత్తకపోవడం కూడా తెలిసి చేసిందే. ‘మీ అందమైన బహుమతులకు’ అని రాస్తే, ఉత్త చేతులతో వచ్చి మనసారా దీవించిన మనిషి చిన్నబుచ్చుకుంటాడు. కానుకలకు చెప్పాల్సింది ఇచ్చినవారికి విడిగా చెప్పాలి.

మొదటి పుట్టినరోజుకు మన ఇళ్లలో మరో పద్ధతి కూడా బాగా నడుస్తోంది. పాపే మాట్లాడుతున్నట్టు రాయడం. పెళ్లి పత్రికల్లో ఇంటి పిల్లల పేరుతో ‘మా మామ పెళ్లికి తప్పకుండా రండి’ అని వేయించే అలవాటు మనకు ఎప్పటి నుంచో ఉంది కాబట్టి ఇది పరాయిగా అనిపించదు. దీనిలో ఉన్న సౌకర్యం వరసలు. తల్లి రాస్తే బంధువులు ఒకవైపు, స్నేహితులు ఒకవైపు, ఆఫీసువాళ్లు ఒకవైపు విడిపోతారు. పాప నోట అయితే పక్కింటావిడా అత్తే, తండ్రి స్నేహితుడూ మామే. ‘నన్నెత్తుకున్న అత్తలకూ మామలకూ, నా బుగ్గలు గిల్లిన అక్కలకూ అన్నలకూ, నాకు అక్షింతలు వేసిన తాతయ్యలకూ అమ్మమ్మలకూ నానమ్మలకూ’ అని బహువచనంలో రాస్తే నూట నలభై మందీ చుట్టాలైపోతారు. ఇక్కడ బహువచనం ముఖ్యం. ‘అమ్మమ్మకు’ అంటే ఒక మనిషి, ‘అమ్మమ్మలకు’ అంటే ఆ వయసు వాళ్లంతా. అయితే ఈ గొంతు ఏడాది, రెండేళ్ల పిల్లలకే నప్పుతుంది. బడికి వెళ్లే పిల్ల తను అనని మాటలు తన పేరుతో చదివితే ముడుచుకుపోతుంది. ఆ వయసులో అయితే పిల్లనే అడిగి, తను చెప్పిన ఒక్క వాక్యాన్ని ఉన్నదున్నట్టు పెట్టడం మేలు.

పెద్దల పుట్టినరోజులకు సంగతి కొంచెం వేరు. ముప్పై ఏళ్ల వ్యక్తి తన పార్టీకి తనే ఆతిథ్యం ఇచ్చి తనే రాసుకుంటే, ‘నా రోజు’, ‘నన్ను’, ‘నాకోసం’ అంటూ వాక్యాలన్నీ తన చుట్టూ తిరుగుతాయి. రాసిన తర్వాత ప్రతి వాక్యంలో పని చేసింది ఎవరో చూసుకోవాలి. ఎక్కువ వాక్యాల్లో అతిథులు కనిపిస్తే సరిపోయినట్టు. తల్లికో తండ్రికో అరవై, డెబ్బై నిండినప్పుడు పిల్లలు రాస్తే ఆ వచ్చినవారిలో చాలామంది తమకంటే పెద్దలని గుర్తుంచుకోవాలి. ‘లవ్ యూ ఆల్’ అక్కడ పొసగదు. ‘నాన్న స్నేహితులు నలభై ఏళ్ల కిందటి సంగతులు చెబుతుంటే మేం కొత్తగా విన్నాం’ అన్న ఒక్క వాక్యం ఆ మిత్రబృందానికి పెట్టే దండంతో సమానం.

రాత ఎంత జాగ్రత్తగా ఉన్నా ఫొటో దాన్ని చెడగొట్టగలదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పోస్టుకు ఇరవై మంది దాకా ట్యాగ్ చేయవచ్చు. క్యాప్షన్‌లో పేర్లు మానేసి ఆరుగుర్ని ట్యాగ్ చేస్తే దొడ్డిదారిన జాబితా వచ్చేసినట్టే, అదీ ఖాతా ఉన్నవాళ్ల జాబితా. ఇన్‌స్టాగ్రామ్ లేని పెద్దమ్మకు అందులో ఎప్పటికీ చోటు ఉండదు. ట్యాగులు లేకుండా పెడితే, కావలసినవాళ్లు తమ స్టేటస్‌లో తామే పెట్టుకుంటారు. వరసలో మొదటి ఫొటోకు పాప ఒక్కతే ఉన్నదో, హాలంతా కనిపించే గుంపు ఫొటోనో ఎంచుకోవాలి. పెద్ద హోదా ఉన్న అతిథితో దిగిన ఫొటో ముందు పెడితే ‘మీ అందరికీ’ అన్న మాటకు బలం పోతుంది. కేటరింగ్, డెకరేషన్ సంస్థల పేర్లు ఇదే పోస్టులో ఇరికిస్తే చుట్టాలకు చెప్పిన మాట ప్రకటనలా కనిపిస్తుంది. వాళ్ల పని నచ్చితే వేరే రోజు వేరే పోస్టు పెట్టి మెచ్చుకోవచ్చు. వాళ్లకూ అదే ఎక్కువ ఉపయోగం.

ఏ లిపిలో రాయాలన్నదీ ఆలోచించాల్సిన సంగతే. అమెరికాలో పెరుగుతున్న అన్నయ్య పిల్లలకు తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాకపోవచ్చు. ఊళ్లో తాతయ్యకు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు చదవడం నరకం. వచ్చినవారిలో ఎక్కువమంది చదవగలిగేది తెలుగే అయితే తెలుగులోనే రాసి, దూరదేశం పిల్లలకు అదే మాట గొంతుతో రికార్డు చేసి పంపడం నయం.

మరి పేర్లు ఏం కావాలి? వాటికి ఇప్పటికీ పాత చోటే సరైనది, అంటే ఒక్కొక్కరితో విడిగా చెప్పే మాట. బెలూన్లు కట్టిన తమ్ముడికి, ముందురోజు రాత్రి నుంచి పనిచేసిన అత్తగారికి, కుర్చీలు మోసిన కుర్రాళ్లకు, చివరి బస్సులో వెళ్లిన ఖమ్మం పెద్దమ్మకు క్యాప్షన్ సరిపోదు. వాళ్ల సంఖ్య ఎంతో ఉండదు, పది పన్నెండు మంది. స్టేటస్ పెట్టడానికి ముందే వాళ్లకు ఫోన్ చేయాలి, ఎందుకంటే ముందు స్టేటస్ చూసి తర్వాత ఫోన్ అందుకుంటే అది గుర్తొచ్చి చేసినట్టుంటుంది. అత్తగారికి ఫోన్ కూడా అక్కర్లేదు, వంటింట్లోకి వెళ్లి చెబితే చాలు. ‘పెద్దమ్మా, క్షేమంగా చేరారా? పాప లేచాక మీరేరని చూసిందే’ అని అడిగితే, ఆ తర్వాత క్యాప్షన్‌లో తన పేరు ఉందో లేదో పెద్దమ్మ వెతకదు.

వాట్సాప్ స్టేటస్ ఇరవై నాలుగు గంటలే ఉంటుంది, ఫోన్ రోజూ చూడని పెద్దవాళ్లకు అది కనిపించకుండానే పోతుంది. కాబట్టి అదే నాలుగు వాక్యాలను రెండు మంచి ఫొటోలతో కుటుంబం గ్రూపులో కూడా పెట్టండి, స్మార్ట్‌ఫోన్ లేని తాతయ్యకు పక్కనున్న ఎవరిచేతనైనా చదివి వినిపించండి.